టేబుల్ ల్యాంపు వైరు, 3 ఆంపియర్ల ఫ్యూజు



బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో ఒక అలవాటు తరచూ చూస్తుంటాను. ప్లగ్గులో ఫ్యూజు పోయిందనుకోండి, వంటింటి సొరుగు లాగి ఏది చేతికి తగిలితే అది పెట్టేస్తారు. చేతికి తగిలేది ఎప్పుడూ గోధుమ రంగు అక్షరాలున్న 13 ఆంపియర్ల ఫ్యూజే. కెటిల్‌కి అదే, ఇస్త్రీ పెట్టెకి అదే, పడక పక్కనున్న చిన్న దీపానికీ అదే. దీపం వెలుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు.

మన ఊళ్లో ప్లగ్గులో ఫ్యూజు అన్న మాటే లేదు. ఫ్యూజు ఉంటే మెయిన్ దగ్గర ఉండేది, పింగాణీ కటౌట్లో. అది పోతే పాత వైరులోంచి రెండు పోగులు పీకి చుట్టి, "ఇక పోదులే" అనేవాళ్లం. ఇప్పుడక్కడ ఎంసీబీలు వచ్చాయి, ప్లగ్గు మాత్రం మారలేదు. ఇక్కడి ప్లగ్గులో ఫ్యూజు ఎందుకు పెట్టారో తెలిస్తే ఎంత ఫ్యూజు వెయ్యాలో దానంతటదే అర్థమవుతుంది. అందుకని మరమ్మతులోకి వెళ్లేముందు ఆ సంగతి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, యుద్ధం తర్వాత కట్టబోయే ఇళ్లలో కరెంటు వైరింగు ఎలా ఉండాలని ఇక్కడ ఒక సంఘం వేశారు. అందులో ఉన్న ఒకే ఒక్క మహిళ కారొలైన్ హాజ్‌లెట్. ఆ సంఘం 1944లో నివేదిక ఇచ్చింది. రాగి కరువుగా ఉన్న రోజులవి. ఒక్కో సాకెట్టుకూ బోర్డు నుంచి విడిగా వైరు లాగితే రాగి చాలా పడుతుంది. అందుకని రింగు పద్ధతి పెట్టారు. బోర్డు నుంచి బయల్దేరిన వైరు గదులన్నీ తిరిగి, సాకెట్టు తర్వాత సాకెట్టును కలుపుకుంటూ మళ్లీ అదే బోర్డుకు చేరుతుంది. ఆ మొత్తం రింగుకు బోర్డులో ఉండే రక్షణ అప్పట్లో 30 ఆంపియర్లు, ఇప్పుడు 32.

చిక్కు ఇక్కడే ఉంది. దీపానికి ఉండే సన్నటి వైరు 3 ఆంపియర్లకో 6 ఆంపియర్లకో తయారైంది. దానిలో ఏదైనా తేడా వచ్చి 20 ఆంపియర్లు పారుతున్నా బోర్డులో ఉన్న 32 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, కదలదు. వైరు మాత్రం కాలుతుంది. అందుకని ఏ వస్తువు వైరుకు తగిన ఫ్యూజు ఆ వస్తువు ప్లగ్గులోనే ఉండాలన్నారు. 1947లో వచ్చిన బీఎస్ 1363 అనే ప్రమాణం ప్రకారం ఈ మూడు చదరపు పిన్నుల ప్లగ్గు పుట్టింది. కనుక ప్లగ్గులో ఫ్యూజు కాపాడేది వైరును. దీపాన్ని కాదు, మిమ్మల్నీ కాదు. ఒంటికి షాకు కొట్టే కరెంటు ఆంపియరులో చాలా చిన్న వంతు, దానికి ఏ ఫ్యూజూ పోదు.

ఇప్పుడు మరమ్మతుకు వద్దాం. ఇక్కడ మా ఊళ్లో నెలకొకసారి రిపేర్ కెఫే జరుగుతుంది. పాడైన వస్తువులు తెచ్చుకుంటే మాలాంటివాళ్లం కూర్చుని బాగుచేసిపెడతాం. ఆ మధ్య ఒక తెలుగమ్మాయి, చదువుకోవడానికి వచ్చినామె, ఇనుప స్టాండు ఉన్న టేబుల్ ల్యాంపు తీసుకొచ్చింది. ఇక్కడే కొన్నది. ప్లగ్గు మెడ దగ్గర వైరు పైతొడుగు చిట్లి లోపలి నీలం, గోధుమ రంగులు కనిపిస్తున్నాయి. ప్లగ్గు తీసేటప్పుడు ప్లగ్గును పట్టుకోకుండా వైరు పట్టి లాగితే జరిగేది ఇదే.

"అంకుల్, టేపు చుట్టేస్తే సరిపోదా?" అంది.

సరిపోదమ్మా అని చెప్పి వైరును తన చేతికే ఇచ్చాను. అప్పటికే ప్లగ్గు గోడ నుంచి ఊడి ఉందనుకోండి. సాకెట్టు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు బయట ఉండాలి, మన కళ్లెదుట ఉండాలి. వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా మడుస్తూ జరుపుకుంటూ పొమ్మన్నాను. రాగి బాగున్నచోట వైరు కొంచెం బిర్రుగా, స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. పోగులు తెగినచోట చప్పున మెత్తబడి మడతపడుతుంది. ఆ అమ్మాయి చేతికి రెండుచోట్ల మెత్తగా తగిలింది. ఒకటి పైకి కనబడుతున్న చిట్లు. రెండోది దానికి నాలుగు వేళ్ల దూరంలో, పైకి ఏ గాయమూ లేనిచోట. టేపు చుట్టి ఉంటే ఆ రెండోది లోపలే ఉండిపోయేది.

ఆ వైరు ఒక్కో తీగ అడ్డుకోత వైశాల్యం 0.75 చదరపు మిల్లీమీటర్లు. అంటే వెంట్రుకల్లాంటి పోగులు 24, ఒక్కోటి 0.2 మిల్లీమీటర్లు. వాటిలో సగం తెగినా దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దీపం తీసుకునే కరెంటు అంత తక్కువ. తెగిన పోగు కొస సూదిలా ఉంటుంది. అది పక్క తీగ తొడుగులోకి గుచ్చుకుంటే షార్టు. బయటికి పొడుచుకొస్తే వేలికి తగులుతుంది. చివరి పోగులు కూడా తెగీ తెగక ఊగుతుంటే వాటి మధ్య చిన్న నిప్పురవ్వలు లేస్తాయి. దీపం మిణుకుమిణుకుమంటూ వైరు కదిపితే సర్దుకుంటోందంటే లోపల జరుగుతున్నది అదే.

కాబట్టి రెండో మెత్తటిచోటు దాటి ఇంకో రెండంగుళాలు వదిలి కోసేశాం. వైరు కాస్త పొట్టిదైంది. పాడైనది వైరు మధ్యలో అయితే ఇలా కుదరదు. మధ్యలో కోసి అతుకు వెయ్యొద్దు, వైరు మొత్తం మార్చాలి. పాతకాలపు గుడ్డ చుట్టిన వైరు, మడిస్తే లోపలి రబ్బరు పొడిలా రాలేది అయినా అంతే. కోసిన చోట రాగి తళతళలాడుతూ గులాబీ రంగులో ఉందో లేదో చూడండి. నల్లబడి ఉంటే ఇంకొంచెం కొయ్యండి.

కోసేసిన ప్లగ్గు గురించి ఒక్క మాట. ఇప్పటి వస్తువులకు వచ్చేవి పోతపోసిన ప్లగ్గులు, విప్పడానికి రావు. వైరు తోకతో అలా బల్ల మీద వదిలేస్తే, ఏ చిన్నపిల్లాడో తీసుకెళ్లి సాకెట్టులో గుచ్చితే, ఆ తోక చివర రాగికి 230 వోల్టులు ఉంటాయి. ముందు ఫ్యూజు బయటికి తీసి, ప్లయరుతో పిన్నులు వంచేసి, అప్పుడు చెత్తబుట్టలో వెయ్యండి. నేను అన్నిటికన్నా ముందు ఈ పనే చేస్తాను.

ఇక తొడుగు ఒలవడం. కొత్త ప్లగ్గు కొంటే దాని పిన్నులకు తొడిగి చిన్న అట్టముక్క వస్తుంది. ఏ తీగ ఎంత పొడవు ఉండాలో దాని మీద అసలు కొలతతో గీసి ఉంటుంది. దాన్ని చించి పారేయకండి, వైరును దాని మీద పెట్టి కొలవండి. పైతొడుగు సుమారు నాలుగు సెంటీమీటర్లు తియ్యాలి. బ్లేడుతో చుట్టూ లోతుగా కోస్తే లోపలి రంగు తొడుగులకు గాటు పడుతుంది. వైరును వేలి మీద వంచి పట్టుకుని, వంపు పైభాగంలో బ్లేడును తేలిగ్గా ఆనిస్తే చాలు, లాగుడు వల్ల తొడుగు తనంతట తానే నోరు తెరుస్తుంది. కాస్త తిప్పి మళ్లీ ఆనించండి. చుట్టూ అయ్యాక లాగితే జారి వచ్చేస్తుంది. తర్వాత మూడు తీగలనూ వెలుతురులో తిప్పి చూడండి. ఎక్కడైనా గాటు కనబడితే మొహమాటం లేకుండా కోసి మళ్లీ మొదలుపెట్టండి.

లోపలి తీగల కొసలు ఒలవడానికి స్ట్రిప్పరు వాడండి, పళ్లతో లాగకండి. నవ్వుతున్నారు గానీ నేను చూశాను. స్ట్రిప్పరులో మన తీగకు సరిపోయే గంటు ఉంటుంది. చిన్న గంటులో పెడితే నాలుగైదు పోగులు తొడుగుతోపాటే తెగి వచ్చేస్తాయి. ఒలిచిన తొడుగు ముక్కలోకి తొంగి చూస్తే తెలుస్తుంది, అందులో రాగి వెంట్రుకలు కనిపిస్తే గంటు తప్పినట్టే.

ఇప్పుడు ఆ పోగులన్నిటినీ ఒక్కటి చెయ్యాలి. మన దగ్గర చాలామందికి ఇక్కడ టంకం వెయ్యడం అలవాటు. నున్నగా, గట్టిగా కనిపిస్తుంది కూడా. స్క్రూ కింద పెట్టే కొసకు మాత్రం టంకం పనికిరాదు. టంకం మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి నెలల తరబడి మెల్లమెల్లగా పక్కకు జారిపోతుంది. ఈరోజు బిగించిన స్క్రూ ఏడాది తిరిగేసరికి వదులవుతుంది. వదులైనచోట వేడి పుడుతుంది. పైగా టంకం ఆగిపోయిన అంచు దగ్గర తీగ వంగలేక విరుగుతుంది.

దానికి బదులు ఫెరూలు వేస్తాం. చిన్న రాగి గొట్టం, పైన తగరం పూత, వెనక రంగు ప్లాస్టిక్కు గరాటు. 0.75 తీగకు మామూలుగా దొరికేది బూడిద రంగు గరాటుది, 0.5 తీగకు తెల్లది. ఈ రంగుల్లో ఇంకో వరసా చలామణిలో ఉంది కాబట్టి రంగును నమ్మేకంటే ప్యాకెట్టు మీద అంకె చదవండి. తీగ కొసను గొట్టం పొడవుకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఒలిచి, పోగులు చెదరకుండా గరాటులోకి తొయ్యాలి. ఒక్క పోగు వెనక్కి మడిచిపడినా తీసి మళ్లీ పెట్టాలి. రంగు తొడుగు గరాటు లోపలికి వెళ్లి ఆగుతుంది, రాగి అవతలి కొస దాకా వస్తుంది. అప్పుడు క్రింపింగ్ టూల్లో పెట్టి, దాని పళ్లచక్రం తనంతట తాను వదిలేదాకా నొక్కాలి. గొట్టం నాలుగు పలకలుగానో ఆరు పలకలుగానో నొక్కుకుపోయి, లోపలి 24 పోగులూ ఒకే కడ్డీలా అవుతాయి.

ఇక్కడ మామూలు కట్టింగ్ ప్లయరుతో నొక్కి సరిపెట్టేవాళ్లుంటారు. గొట్టం చప్పిడై పోగులు ఇరువైపులా పరుచుకుంటాయి, పట్టు ఉండదు. తేడా తెలియాలంటే ఫెరూలును ఒక చేత్తో, తీగను ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా గుంజండి. ఆ అమ్మాయి వేసిన మొదటిది ఊడి చేతిలోకొచ్చింది, రాగి సగం దాకానే వెళ్లింది. రెండోది ఎంత గుంజినా కదల్లేదు. క్రింపింగ్ టూల్ లేకపోతే పోగులు మెలేసి, కొసను ఒకసారి వెనక్కి మడిచి లావుగా చేసి స్క్రూ కింద పెట్టొచ్చు, అదీ మంచి పద్ధతే. కొన్ని ప్లగ్గుల్లో రంధ్రం ఉండదు, తీగను మేకుకు చుట్టి పైన నట్టు బిగించాలి. అలాంటిదానికి ఫెరూలు కుదరదు, పోగులు మెలేసి, నట్టు తిరిగే దిక్కుకే చుట్టండి.

ప్లగ్గు మూత విప్పి లోపలివైపు మనకు కనిపించేలా, ఎర్త్ పిన్ను పైకి ఉండేలా పట్టుకుందాం. పచ్చ, పసుపు చారల తీగ పైన ఉన్న ఎర్త్‌కు. నీలం ఎడమవైపు, అది న్యూట్రల్. గోధుమ రంగు కుడివైపు, ఫ్యూజు ఉన్న వైపు, అది ఫేజు. మూడింటిలో ఎర్త్ తీగను కాస్త వదులుగా, పొడవుగా ఉంచాలి. ఎప్పుడైనా ఎవరో వైరు తన్నుకుని పట్టు జారితే ముందు తెగాల్సింది ఫేజు, చివరిదాకా ఉండాల్సింది ఎర్త్. అట్టముక్క మీద కొలతలు అలా గీయడానికి కారణం అదే. స్క్రూ బిగించాక ఒక్కో తీగనూ లాగి చూడండి. గొట్టం రంధ్రంకన్నా పొడవైతే కొస కత్తిరించండి, రాగి బయట కనబడకూడదు.

చాలామంది తేలిగ్గా తీసుకునేది వైరు పట్టు. ప్లగ్గు అడుగున వైరును పట్టి ఉంచే చిన్న బిగింపు ఉంటుంది, దాని కింద ఉండాల్సింది తెల్లటి పైతొడుగు. అక్కడ రంగు తీగలు కనిపిస్తున్నాయంటే మీరు పైతొడుగు ఎక్కువ ఒలిచేశారు. రేపు ఎవరైనా లాగితే ఆ బరువంతా స్క్రూల మీద పడుతుంది. ఆ అమ్మాయి వైరు చిట్లింది కూడా ఈ మెడ దగ్గరే కదా.

ఇక ఫ్యూజు. కొత్త ప్లగ్గు కొంటే అందులో తరచూ 13 ఆంపియర్లదే పెట్టి ఇస్తారు, షాపువాడికి మీరు దానికి దీపం తగిలిస్తారో హీటరు తగిలిస్తారో తెలియదు. లెక్క చూద్దాం. ఈ దీపంలో ఉన్నది 8 వాట్ల ఎల్ఈడీ బల్బు. 8ని 230తో భాగిస్తే సుమారు 0.035 ఆంపియర్లు. పాత 40 వాట్ల బల్బు వేసినా 0.17 ఆంపియర్లే. 3 ఆంపియర్ల ఫ్యూజు 690 వాట్లదాకా మోస్తుంది. అంత పెద్ద టేబుల్ దీపం ఇంట్లో ఉండదు. కాబట్టి దీపానికి ఎర్ర అక్షరాల 3 ఆంపియర్లదే.

"షార్టయితే 13ది కూడా పోతుంది కదా అంకుల్?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిస్తే వందల ఆంపియర్లు పారతాయి, అప్పుడు 13ది కూడా రెప్పపాటులో పోతుంది. భయం సగంసగం కలిసినప్పుడు. మాడిన తొడుగు గుండా, తుప్పు గుండా 10, 12 ఆంపియర్లు కారుతున్నాయనుకోండి. 13ది గంటల తరబడి ఓపిగ్గా మోస్తుంది. చాలా దీపాలకు ఉండే 0.5 వైరు 3 ఆంపియర్లది, ఈలోగా వేడెక్కి తివాచీ కింద కాలుతుంది. 3 ఆంపియర్ల ఫ్యూజు అంతసేపు ఆగదు. అదికూడా 3 దాటగానే టప్పున పోదని గుర్తుంచుకోండి, కాస్త ఎక్కువైతే చాలాసేపు భరిస్తుంది. ఫ్యూజు మీద బీఎస్ 1362 అని ఉండాలి. దాని పింగాణీ గొట్టంలో ఇసుక నింపి ఉంటుంది, తీగ కరిగినప్పుడు పుట్టే మంటను ఆర్పేది ఆ ఇసుకే. వెండికాగితం చుట్టి పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు.

మూత బిగించాక నేరుగా గోడకు పెట్టెయ్యకండి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ముందు దాని రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించండి, 0.2, 0.3 అలా ఏదో చూపిస్తుంది. అది మీటరు వైర్లది, మనసులో పెట్టుకోండి. ఇప్పుడు ఒక కొస పొడవైన ఎర్త్ పిన్నుకు, రెండోది దీపం ఇనుప భాగానికి, రంగు పూత లేనిచోట ఆనించండి. ఏ స్క్రూ తలకైనా సరే. ఇందాకటి అంకెకు దాదాపు దగ్గరగా ఉండాలి. దానికన్నా అర ఓము ఎక్కువున్నా ఎక్కడో బిగింపు సరిగా లేదన్నట్టే. బల్బు తీసేసి, దీపం స్విచ్చి వేసి, మిగతా రెండు పిన్నుల మధ్య చూస్తే మీటరు అసలేమీ చూపకూడదు. ఆ రెంటిలో ఏ పిన్నుకూ, ఎర్త్‌కూ మధ్య కూడా అంతే. మా దీపం ఈ మూడూ దాటింది, అప్పుడే వెలిగించాం.

ఆ అమ్మాయి దీపంలో మూడు తీగలున్నాయి కాబట్టి ఇలా చేశాం. రెండే తీగలున్న దీపాలూ ఉంటాయి. అడుగున చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్త్ అక్కర్లేదు. ప్లగ్గులో ఎర్త్ స్క్రూ ఖాళీగా వదిలి బిగించెయ్యండి.

అసలు ఇబ్బంది ఇంటి దగ్గర నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే ఇత్తడి దీపాలతో. అమ్మ ఇచ్చిందనో, పెళ్లిలో వచ్చిందనో తెస్తారు. ఒళ్లంతా లోహం, వైరు మాత్రం పైతొడుగు లేని రెండు తీగల జంట వైరు, చివర రెండు గుండ్రటి పిన్నులు. ఆ చదరం గుర్తు ఉండదు. దానికి బ్రిటన్ ప్లగ్గు తగిలించి 3 ఆంపియర్ల ఫ్యూజు వేసినంత మాత్రాన అది క్షేమం కాదు. లోపల ఫేజు తీగ ఒరుసుకుని ఇత్తడికి తగిలితే, ఎర్త్ లేదు కాబట్టి కరెంటు పోవడానికి దారి లేదు, ఫ్యూజూ పోదు. దీపం మామూలుగా వెలుగుతూనే ఉంటుంది, మీరు చెయ్యి వేసేదాకా. ట్రావెల్ అడాప్టరుతో పెట్టినా ఇదే కథ.

దానికి వైరు మొత్తం తీసి, పైతొడుగు ఉన్న మూడు తీగల 0.75 వైరు వెయ్యాలి. వైరు లోపలికి వెళ్లే రంధ్రానికి రబ్బరు వలయం తొడగాలి, లేకపోతే ఇత్తడి అంచే తొడుగును కోసేస్తుంది. లోపల కూడా వైరు లాగినా జారని పట్టు ఉండాలి. పచ్చ, పసుపు తీగకు గుండ్రటి కన్ను ఉన్న లగ్గు క్రింపు చేసి, దీపం అడుగున పాలిష్ గీకి పచ్చి ఇత్తడి తేల్చినచోట, వదులవకుండా పళ్ల వాషరు వేసి, స్క్రూతో బిగించాలి. బల్బు హోల్డరు మరచుట్ల రకం అయితే గోధుమ తీగ నడిమి బొడిపెకు వెళ్లాలి, చుట్టూ ఉన్న మరకు కాదు. వైరు మీద స్విచ్చి ఉంటే అది తెంచాల్సింది ఫేజునే. ఇంత పని చేతకాదనుకుంటే ఎలక్ట్రీషియనుకు ఇవ్వండి, లేదా మీ ఊరి రిపేర్ కెఫేకు పట్టుకెళ్లండి. అప్పటిదాకా ఆ దీపాన్ని ప్లగ్గు తీసేసి షెల్ఫు మీద పెట్టుకోండి.